దుబాయ్ కోర్టు తీర్పు అనువాదం: ముందు చివరి పేజీ తీయండి

ప్రశ్న: "నేను అరబిక్‌లో ఎం.ఏ. చేశాను. ఇప్పటిదాకా బర్త్ సర్టిఫికెట్లు, నికానామాలు, పవర్ ఆఫ్ అటార్నీలు అనువాదం చేశాను. మొదటిసారి దుబాయ్ కోర్టు తీర్పు వచ్చింది, పదకొండు పేజీలు. ఇంగ్లీషులోకి కావాలి, ఇక్కడ హైదరాబాద్‌లో కోర్టులో వేస్తారట. మొదట్లో వచ్చే ఆ పెద్ద పెద్ద వాక్యాలు ఉన్నదున్నట్టు రాయాలా? ఆర్టికల్ నంబర్లు, కోర్టు పదాలు ఎలా పెట్టాలి? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

చివరి పేజీ నుంచి మొదలుపెట్టండి. "ఫలిహాజిహిల్ అస్బాబ్", అంటే "ఈ కారణాల వల్ల" అన్న మాట కింద "హకమతిల్ మహ్కమా" అని ఉంటుంది చూడండి, అక్కడి నుంచి వచ్చే నాలుగైదు లైన్లే అసలు తీర్పు. దాన్ని మన్‌తూఖ్ అంటారు, ఇంగ్లీషులో ఆపరేటివ్ పార్ట్. ముందు దాన్ని అనువదించి, అందులోని ప్రతి పదానికీ ఒక ఇంగ్లీషు మాట ఖాయం చేసుకుని, తరువాత మొదటి పేజీకి రండి. మొదట్లోని ఆ పెద్ద వాక్యాలు పూర్తిగా రాయాలి, ఒక్కటీ వదలకూడదు, కానీ అవి అన్ని తీర్పుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకసారి కుదుర్చుకుంటే చాలు. ఆర్టికల్ నంబర్లు మూలంలో ఎలా ఉంటే అలాగే, తప్పనిపించినా సరే. ఇక మీరు నిజంగా భయపడాల్సింది కోర్టు పదాల్లో మూడు విషయాల గురించే: ప్రతివాదికి కబురు ఎలా అందింది, అతను హాజరైనట్టా కానట్టా, కోర్టు దేని మీద తేల్చింది. నేను పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మొదటి ఏడేళ్లు దుబాయ్‌లో అనువాదాల ఆఫీసులో, తరువాత ఇక్కడ. అనువాదం వల్ల కేసుకు దెబ్బ తగిలిందని విన్నప్పుడల్లా ఈ మూడింటిలో ఒకటే కారణమైంది.

ఈ మూడే ఎందుకో చెబుతాను. 2020 జనవరి 17న మన కేంద్ర ప్రభుత్వం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద నోటిఫై చేసింది. అప్పటి నుంచి అక్కడి కోర్టు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు వేయొచ్చు, ఇక్కడ మళ్లీ కొత్తగా దావా వేయనక్కర్లేదు. కానీ అవతలి పక్షం 13వ సెక్షన్ పట్టుకుని అడ్డం పడొచ్చు. తీర్పు కేసు గుణదోషాల మీద ఇచ్చింది కాదని, తనకు చెప్పుకునే అవకాశం ఇవ్వలేదని, ఇలాంటివన్నీ ఆ సెక్షన్‌లో ఉన్నాయి. ఇక్కడి జడ్జిగారికి అరబిక్ రాదు, ఇద్దరు లాయర్లకూ రాదు. కాబట్టి అక్కడ నోటీసు సరిగ్గా అందిందా, సాక్ష్యం చూసి తేల్చారా అన్నది వాళ్లు మీ ఇంగ్లీషులోనే వెతుకుతారు.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. సరుకు సరఫరా చేసిన కంపెనీ, డబ్బు కట్టని ఇంకో కంపెనీ మీదా, దాని భాగస్వామి మీదా దుబాయ్‌లో దావా వేసింది. ఆ భాగస్వామి మన వైపు మనిషే, అప్పటికే ఇంటికి వచ్చేశాడు. తీర్పు చివర "బి మసాబతిల్ హుదూరీ" అని ఉంది. మొదట అనువాదం చేసినవాళ్లు దాన్ని "ఇన్ యాబ్సెన్షియా" అని రాసేశారు. మనిషి రాలేదు కదా, అదే అయి ఉంటుందనుకున్నారు. ఇక్కడ అవతలి లాయర్ ఆ ఒక్క మాట పట్టుకుని ఇది ఎక్స్ పార్టీ తీర్పు, తన క్లయింటు లేకుండా తేల్చేశారు అని వాదన మొదలుపెట్టాడు. ఆ అనువాదం వెనక్కి తీసుకుని కొత్తది దాఖలు చేయడానికే వాయిదాలు గడిచిపోయాయి. కొత్తది నా దగ్గరికి వచ్చింది.

హుదూరీ అన్న మాట మనకు కొత్తది కాదు, మన "హాజరు" ఆ ధాతువు నుంచి వచ్చిందే. "హుదూరియ్యన్" అంటే పక్షాలు హాజరై ఉండగా ఇచ్చిన తీర్పు. "గియాబియ్యన్" అంటే గైర్హాజరులో ఇచ్చింది. "బి మసాబతిల్ హుదూరీ" ఈ రెండింటికీ మధ్యది. ప్రతివాదికి నోటీసు చట్టప్రకారం అందింది, లేదా ఒకసారి వచ్చి తరువాత మానేశాడు, అందుకని అతను లేకపోయినా ఉన్నట్టే చట్టం లెక్కిస్తోంది అని. ఇంగ్లీషులో నేను "డీమ్డ్ టు హావ్ బీన్ రెండర్డ్ ఇన్ ది ప్రెజెన్స్ ఆఫ్ ది పార్టీస్" అని రాస్తాను. పొడుగ్గా ఉంటుంది, పర్వాలేదు. ఇద్దరు ప్రతివాదులుంటే ఒకరి విషయంలో హుదూరీ, రెండోవారి విషయంలో బి మసాబతిల్ హుదూరీ అని వేరువేరుగా రాసే తీర్పులూ ఉన్నాయి, రెండూ కలిపేయకండి. అప్పీలు గడువు ఎప్పటి నుంచి లెక్కించాలన్నది కూడా హాజరుతో ముడిపడి ఉంటుంది.

దీనికి ఆధారం లోపలి పేజీల్లో, కేసు ఎలా నడిచిందో చెప్పే పేరాలో ఉంటుంది. అక్కడ "ఇఅలాన్" అన్న మాట కనిపిస్తుంది. హైదరాబాద్ వాళ్లం ఇక్కడే పడిపోతాం. ఉర్దూలో "ఎలాన్" అంటే ప్రకటన, దండోరా. అందుకని "ద డిఫెండెంట్ వజ్ అనౌన్స్‌డ్" అనీ, "అడ్వర్టైజ్‌మెంట్ వజ్ మేడ్" అనీ రాసిన అనువాదాలు నా కళ్లతో చూశాను. కోర్టు భాషలో ఇఅలాన్ అంటే సమన్లు అందించడం, సర్వీస్. "లమ్ యహ్‌దుర్ రగ్మ ఇఅలానిహి ఖానూనన్" అంటే "చట్టప్రకారం సర్వీస్ జరిగినా హాజరు కాలేదు", ఇంగ్లీషులో "డిడ్ నాట్ అపియర్ డిస్పైట్ బీయింగ్ డ్యూలీ సర్వ్‌డ్". పక్కనే "బిన్నష్ర్" అని ఉంటే మాత్రం అది పత్రికా ప్రకటన ద్వారా సర్వీస్, అప్పుడు "సర్వ్‌డ్ బై పబ్లికేషన్" అని తప్పకుండా రాయాలి. అది మీ క్లయింటుకు నచ్చకపోవచ్చు. చేతికి ఇచ్చారా, ఇమెయిల్‌లో పంపారా, పేపర్లో వేశారా అన్నది ఉన్నదున్నట్టు రాయడమే మన పని, మెత్తబరచడానికి లేదు.

ఇంకో మాట మన తెలుగు వాళ్లకే ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అరబిక్‌లో "ముద్దఈ" అంటే దావా వేసినవాడు, వాది. ప్రతివాది "ముద్దఆ అలైహి". అంటే మన చెవికి అలవాటైన అర్థం పూర్తిగా తిరగబడుతుంది. రాతలో ఇంకో చిక్కు: ముద్దఈకీ ముద్దఆకీ తేడా చివరి అక్షరం కింద రెండు చుక్కలే, ఈజిప్టు అలవాటులో టైపు చేసేవాళ్లు ఆ చుక్కలు పెట్టరు. దుబాయ్ కోర్టుల్లోనూ ఈజిప్టు నుంచి వచ్చినవాళ్లు చాలామంది పనిచేస్తారు కాబట్టి ఆ రాత మీకు తగులుతుంది. పక్కన "అలైహి" ఉందో లేదో చూసి తేల్చుకోండి. అప్పీలు తీర్పులో ఇది ఇంకా ముదురుతుంది. "ముస్తఅనిఫ్" అంటే అప్పీలు చేసినవాడు, "ముస్తఅనఫ్" అంటే అప్పీలుకు గురైన తీర్పు, అచ్చులు రాయరు కాబట్టి కాగితం మీద రెండూ ఒక్కటే. ముందు "అల్ హుక్మ్" అని ఉంటే తీర్పు, లేకపోతే మనిషి. మొదటి కోర్టులో వాదిగా ఉన్నవాడు ఇక్కడ రెస్పాండెంట్ కావొచ్చు. అందుకే నేను పని మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద ఎవరు ఎవరో రాసుకుని పక్కన పెట్టుకుంటాను.

మూడోది, కోర్టు దేని మీద తేల్చింది. "రఫ్ద్ అద్దఅవా" అంటే దావా గుణదోషాలు చూసి కొట్టేయడం. "అదమ్ ఖబూల్ అద్దఅవా" అంటే దావా విచారణకే అర్హం కాదనడం, ఇనడ్మిసిబుల్. "అదమ్ సమాఅ" అంటే గడువు దాటడం లాంటి కారణంతో వినకపోవడం. "షత్బ్" అంటే పక్షాలు రాలేదని జాబితా నుంచి తీసేయడం. ఈ నాలుగింటికీ "డిస్మిస్డ్" అని రాసేస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. మొదటిదానికి "డిస్మిస్డ్ ఆన్ ది మెరిట్స్", రెండోదానికి "హెల్డ్ ఇనడ్మిసిబుల్", నాలుగోదానికి "స్ట్రక్ ఆఫ్" అని నేను వాడతాను. అలాగే అప్పీలులో "ఇల్గా" అంటే క్యాన్సిల్ కాదు, కింది తీర్పును రద్దు చేయడం, "సెట్ అసైడ్". "తఅయీద్" అంటే సపోర్ట్ కాదు, ఖాయపరచడం.

గుణదోషాల మీదే తేల్చారనడానికి రుజువు కారణాల భాగంలో చిన్న చిన్న వాక్యాల్లో ఉంటుంది. "వ కాన అస్సాబితు మినల్ అవ్రాఖ్" అంటే "పత్రాల నుంచి రుజువవుతున్నదేమంటే". "వల్ మహ్కమా తత్మఇన్ను ఇలా తఖ్రీరిల్ ఖబీర్" అంటే "నిపుణుడి నివేదికతో కోర్టు సంతృప్తి చెందింది". వీటిని బరువు లేని ఊతపదాలనుకుని ఎగరగొట్టేవాళ్లున్నారు. ప్రతివాది రాకపోయినా కోర్టు ఇన్‌వాయిస్‌లు చూసింది, నిపుణుడిని నియమించింది, లెక్క సరిచూసింది అని చెప్పేవి ఈ వాక్యాలే. నిపుణుడి నియామకానికి "నద్బ్" అని వాడతారు, అది "డెలిగేట్" కాదు, "అపాయింట్". "దఫ్అ" అన్న మాటకు చెల్లింపు అనే అర్థం ఉంది, కోర్టులో లేవనెత్తిన అభ్యంతరం అనే అర్థమూ ఉంది. "అద్దఫ్అ బి అదమిల్ ఇఖ్తిసాస్" అంటే ఈ కోర్టుకు పరిధి లేదన్న అభ్యంతరం. డబ్బుల కేసులో ఆ రెండు అర్థాలూ ఒకే పేజీలో వస్తాయి, నిదానంగా చదవండి.

ఇప్పుడు మొదటి పేజీకి వద్దాం. బిస్మిల్లా ఉంటుంది, దాని కింద దుబాయ్ పాలకుడి పేరుతో "బిస్మి సాహిబిస్సుమూ" అని ఉంటుంది, అంటే ఆయన పేరు మీద తీర్పు ఇస్తున్నారని. ఈజిప్టులో అదే చోట "బిస్మిష్షఅబ్", ప్రజల పేరు మీద అని ఉంటుంది. ఇవి అలంకారాలు కావు, ఏ అధికారంతో తీర్పు ఇస్తున్నారో చెప్పే వాక్యాలు. "ఇన్ ది నేమ్ ఆఫ్ హిస్ హైనెస్" అని పూర్తిగా రాసి, మూలంలో మధ్యలో ఉంటే మధ్యలోనే పెట్టండి. తరువాత బహిరంగ సెషన్ ఎప్పుడు జరిగిందో, ఏ జడ్జి అధ్యక్షత వహించారో, ఎవరి సమక్షంలోనో ఉంటుంది. అందులో "అమీన్ అస్సిర్" అని ఒకాయన వస్తాడు. మాటకు మాట పెడితే రహస్యాల రక్షకుడు అవుతాడు, సెక్రటరీ అని రాసినవాళ్లూ ఉన్నారు. ఆయన కోర్టు క్లర్కు, అంతే. ఇక "బఅద సమాఇల్ మురాఫఆ వ ముతాలఅతిల్ అవ్రాఖ్ వల్ ముదావలతి ఖానూనన్" అంటే వాదనలు విని, పత్రాలు పరిశీలించి, చట్టప్రకారం సంప్రదించుకున్న మీదట అని. ఒక్క జడ్జే ఉన్నా కొన్ని తీర్పుల్లో "ముదావలా" ఉంటుంది, ఉంటే రాయండి, లేకపోతే అలవాటు కొద్దీ కలపకండి.

"వ హైసు ఇన్న" గురించి కూడా చెప్పాలి, మీ పదకొండు పేజీల్లో అది కనీసం పదిసార్లు ఉంటుంది. పాత పద్ధతిలో తీర్పంతా ఒకే వాక్యం, "ఇలా ఉన్నందున, ఇలా ఉన్నందున, కోర్టు తీర్పు చెప్పింది" అని సాగుతుంది. అన్నిటికీ "వేర్‌యాజ్" పెడితే ఇంగ్లీషు ఊపిరాడకుండా తయారవుతుంది, అన్నీ తీసేస్తే ఒక కారణం ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. నేను కొత్త కారణం మొదలైన చోట మాత్రం "వేర్‌యాజ్" ఉంచి, లోపలి పొడుగు వాక్యాన్ని ఫుల్‌స్టాప్‌లతో విరుస్తాను. పేరాలకు మూలంలో లేని నంబర్లు మాత్రం పెట్టను. లాయర్లు అడుగుతారు, అయినా పెట్టను, ఎందుకంటే రేపు కోర్టులో "పేరా ఏడు" అంటే మూలంలో అలాంటిది దొరకదు.

ఆర్టికల్ నంబర్లలో పెద్ద ప్రమాదం గీత. ఆర్టికల్ 133లోని మొదటి క్లాజును అరబిక్‌లో కుడి నుంచి ఎడమకు టైపు చేస్తే కంప్యూటర్ ఒక్కోసారి 1/133 అనీ, ఒక్కోసారి 133/1 అనీ చూపిస్తుంది. ఒకటో ఆర్టికల్‌కు 133 క్లాజులుండవు కాబట్టి ఇది తేలిక, కానీ 5/3 లాంటిది వస్తే చట్టం తెరిచి చూడక తప్పదు. ఇంగ్లీషులో "ఆర్టికల్ 133, క్లాజ్ 1" అని మాటల్లో రాసేస్తే గొడవ ఉండదు. స్కాన్ సరిగ్గా లేనప్పుడు వ్యాకరణం కూడా సాయం చేస్తుంది: "అల్ మాద్దతైన్" అంటే సరిగ్గా రెండు ఆర్టికల్స్, "అల్ మవాద్" అంటే మూడు లేదా ఎక్కువ. మాద్దతైన్ అని ఉండి మీకు ఒక్క నంబరే కనిపిస్తే రెండోది చెరిగిపోయిందన్నమాట. నంబరు పక్కన "ముకర్రర్" ఉంటే "రిపీటెడ్" అని రాయకండి, అది తరువాత చేర్చిన ఆర్టికల్, "బిస్" అని పెట్టాలి. "మర్సూమ్ బి ఖానూన్" అంటే "డిక్రీ లా", దాన్ని ఉత్త డిక్రీ చేయకండి.

ఆర్టికల్ పాఠం తీర్పులోనే కోట్ చేసి ఉంటే చాలామంది నెట్‌లో దొరికే ఇంగ్లీషు అనువాదం తెచ్చి అతికిస్తారు. ఇందులో ఒక గోతి ఉంది. యూఏఈలో సివిల్ ప్రొసీజర్ చట్టం 1992 నాటి 11వ నంబరుది పోయి 2022 నాటి 42వ నంబరుది వచ్చింది, 2023 జనవరి 2 నుంచి అమలు. ఖర్చుల గురించి పాత తీర్పులు ఉటంకించే 133 పాత చట్టంలోది. కొత్త చట్టంలో అదే నంబరు తీసి అతికిస్తే తీర్పులో కోట్ చేసిన పాఠంతో అది కలవకపోవచ్చు. వాణిజ్య చట్టం, సాక్ష్యాల చట్టం కూడా అదే 2022లో మారాయి. తీర్పు ఏ చట్టం, ఏ సంవత్సరం అంటోందో చూసి, కోట్ చేసిన పాఠాన్ని మీరే అనువదించండి. తీర్పులోనే నంబరు తప్పు పడిందని మీకు గట్టిగా అనిపిస్తే, తప్పును అలాగే ఉంచి కింద అనువాదకుడి గమనిక ఒక లైను రాయండి. దిద్దే అధికారం మనకు లేదు.

దుబాయ్ తీర్పుల్లో ఈజిప్టు నఖ్ద్ కోర్టు, అంటే కోర్ట్ ఆఫ్ కాసేషన్, తీర్పుల ప్రస్తావన వస్తే, సంవత్సరం పక్కన "ఖాఫ్" అక్షరం ఉంటుంది. "45 ఖాఫ్" అంటే 1945 కాదు, ఆ కోర్టు 1931లో ఏర్పడినప్పటి నుంచి లెక్కలో 45వ న్యాయ సంవత్సరం. "జ్యుడీషియల్ ఇయర్ 45" అని రాయండి.

ఇప్పుడు ఇందాక చెప్పిన కేసు చివరి పేజీ ఎలా చేశానో చూపిస్తాను. మూలం ఇలా ఉంది: "హకమతిల్ మహ్కమా బి మసాబతిల్ హుదూరీ బి ఇల్జామిల్ ముద్దఆ అలైహిమా బిత్తదామున్ బి అన్ యుఅద్దియా లిల్ ముద్దఇయా మబ్లగ్", తరువాత మొత్తం, దాని మీద ఏడాదికి 5 శాతం వడ్డీ "మిన్ తారీఖిల్ ముతాలబా అల్ ఖదాయియ్యా వ హత్తస్సదాద్ అత్తామ్", తరువాత ఖర్చులు, లాయరు ఫీజు, చివర "వ రఫదత్ మా అదా జాలిక మిన్ తలబాత్".

ఇల్జామ్ అంటే "ఆబ్లైజ్" అని రాయడం అలవాటు, నేను "ఆర్డర్స్" అని రాస్తాను, డిక్రీలో ఉండాల్సింది ఆ మాట. "అలైహిమా"లోని ద్వివచనం ఇద్దరు ప్రతివాదులని చెబుతోంది, ఇంగ్లీషులో ఆ తేడా కనిపించదు కాబట్టి "ది టూ డిఫెండెంట్స్" అని "టూ" చేర్చాను. "బిత్తదామున్"ను "ఇన్ సాలిడారిటీ" అంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, అది "జాయింట్లీ అండ్ సెవరల్లీ". ఇక్కడున్న భాగస్వామి ఒక్కడి దగ్గరే మొత్తం వసూలు చేయొచ్చా అన్నది ఆ మాట మీదే ఆధారపడింది. "ముతాలబా ఖదాయియ్యా"ను పాత అనువాదంలో "లీగల్ నోటీస్" అన్నారు. అది కోర్టులో దావా వేసిన తేదీ. లీగల్ నోటీసు ఐదు నెలల ముందు వెళ్లింది, ఆ ఐదు నెలల వడ్డీ అనవసరంగా కలిసిపోయింది. చివరి ముక్క, "మిగిలిన కోరికలన్నీ తిరస్కరించింది", పాత అనువాదంలో అసలు లేనే లేదు. పరిహారం కోసం వాది అడిగిన ఇంకో మొత్తం అందులోనే కొట్టేశారు, అది దాచినట్టయింది.

మొత్తాల దగ్గర ఇంకొక్క మాట. అరబిక్ అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, అరబిక్ సున్నా ఒక చుక్క. రాత్రి పూట అలసిపోయి టైపు చేస్తే 25 కాస్తా 20 అయిపోతుంది. అంకెలను అక్షరాల్లో రాసిన చోట పట్టుకుని సరిచూడండి, రెండింటికీ తేడా ఉంటే రెండూ ఉన్నట్టే రాసి గమనిక పెట్టండి. పేర్లు కూడా అంతే. అరబిక్‌లో ప లేదు, చ లేదు. పవన్ అక్కడ "బవన్", చంద్ర "తషాంద్రా" అవుతాడు. అలాగే ఇంగ్లీషులోకి తెస్తే తీర్పులోని మనిషి, ఇక్కడ ఆస్తి ఉన్న మనిషి ఒకరు కాదని వాదిస్తారు. పాస్‌పోర్టు కాపీ అడిగి దాని స్పెల్లింగే వాడండి, అలా వాడానని గమనికలో చెప్పండి.

తీర్పుతో పాటు ఇంకో రెండు కాగితాలు ఉన్నాయేమో క్లయింటును అడగండి. తీర్పు వెనకో, విడిగానో "అస్సీగతు అత్తన్‌ఫీజియ్యా" అని ముద్ర లాంటి పేరా ఉంటుంది, సంబంధిత అధికారులు అవసరమైతే బలవంతంగానైనా దీన్ని అమలు చేయాలి అని. స్టాంపులో ఉంది కదా అని వదిలేస్తారు, దాన్నీ అనువదించాలి. రెండోది, డిక్రీ మొత్తంలో ఇప్పటికి ఎంత వసూలైందో ఆ కోర్టే ఇచ్చే సర్టిఫికెట్. 44ఎ కింద వేసేటప్పుడు అది తప్పనిసరి, అదీ అరబిక్‌లోనే వస్తుంది, తీర్పులో మీరు వాడిన పదాలే అందులోనూ వాడాలి. అందుకే రెండూ ఒకరి చేతే చేయించుకోమని క్లయింటుకు చెప్పండి.

మీ తీర్పులో సర్వీస్ గురించి ఉన్న పేరా, చివరి మన్‌తూఖ్, ఈ రెండింటి మీద సందేహం ఉంటే పేర్లు, కేసు నంబరు తీసేసి ఇక్కడ పెట్టండి. రాత్రి ఏడు తరువాత చూసి చెబుతాను.